బేస్తారం నాటి డబల్ రొట్టె

మా ఆయన దుబాయి నుంచి వచ్చేటప్పుడు అందరి మొగుళ్లూ తెచ్చినట్టే టేప్ రికార్డరు, సెంటు సీసాలు, ఒక మందపాటి దుప్పటి తెచ్చాడు. వాటితో పాటు ఒక రేకు డబ్బా కూడా తెచ్చాడు. మూత తీస్తే లోపల గసగసాలంత గింజలు, మట్టిరంగులో. వాసన చూసి ముక్కు ముడుచుకున్నాను.

"గిదేంది, కోళ్ల దాణానా?" అని అడిగాను.

"గిదే మన బతుకు" అన్నాడాయన.

నాకు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్లు ఎడారిలో ఉండి వచ్చిన మనిషి డబ్బాడు దాణా చూపించి ఇదే బతుకు అంటే ఎవరికి మండదు? కానీ ఆ మాటలో "మన" అనేది ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని నోరు మూసుకున్నాను.

ఆ ఎనిమిదేళ్లూ ఆయన అక్కడ ఒక రొట్టెల బట్టీలో పిండి పిసికాడు. మధ్యలో రెండుసార్లు సెలవు మీద వచ్చిపోయాడు. మా బిడ్డ ఆయన్ని చూసి తలుపు వెనక దాక్కునేది. మూడోసారి వచ్చినప్పుడు ఇక పోనన్నాడు. ఆర్మూరును ఆనుకున్న పెర్కిట్‌లో రోడ్డు పక్కన వెనక పెరడున్న ఒక గది కిరాయికి తీసుకుని, ఇటుకలతో బట్టీ కట్టించి, డబల్ రొట్టెలు చేస్తానన్నాడు. బ్రెడ్డును మా వైపు డబల్ రొట్టె అంటారు. అప్పట్లో అది జ్వరమొచ్చిన వాళ్లకు పాలలో ముంచి పెట్టే తిండి. నిజామాబాద్ నుంచి బస్సు టాపు మీద వచ్చేది, ఆర్మూర్ చేరేసరికి అంచులు ఎండిపోయేవి.

మా అత్తమ్మకు ఇదంతా నచ్చలేదు. మొగోడు రొట్టెలు చేసుడేందని ఆమె బాధ. బట్టీ వెలిగించిన మొదటి రోజు వచ్చి గుమ్మంలో కూచుని, పొంగిన పిండిని చూసి, "సోడా ఏసినవారా?" అంది.

"సోడా కాదవ్వా. గిది పాణమున్నది" అని ఆయన ఒక ఖాళీ సీసాలో గోరువెచ్చని నీళ్లు, చెంచాడు చక్కెర, చిటికెడు గింజలు వేసి, సీసా మూతికి మా బిడ్డ ఆడుకునే రబ్బరు బుగ్గను, అదే బెలూనును, తొడిగాడు. అత్తమ్మ నోట్లో ఆకువక్క నమిలి ఊసేలోపు నీళ్ల మీద నురగ కట్టింది. ఇంకాసేపటికి వేలాడుతున్న బుగ్గ మెల్లగా లేచి నిలబడింది. ఊదిన వాళ్లెవరూ లేరు.

"గీ గింజలల్ల కండ్లకు ఆనని జీవాలు నిద్రపోతున్నయి. నీళ్లు తాకితే లేస్తయి. చక్కెర తింటయి, తిని గాలి ఇడుస్తయి" అన్నాడు ఆయన.

"మరి పిండిల చక్కెర ఏడిది?" అంది అత్తమ్మ.

"పిండి తడిస్తే దాంట్లనే జర జర తీపి పుడతది. మంచిగ పిసికితే మైదా రబ్బరు లెక్క సాగుతది. గాలి బయటికి పోలేక గా సాగే పిండిలనే బుడగలు బుడగలు నిలబడతది. గందుకే పొంగుతది."

అత్తమ్మ ఇంకో ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. "తినుడు, పండుడు, గాలి ఇడుసుడు. మీ నాయిన గూడ గంతేనాయె, ఆయన పొంగలేదు గని" అంది. ఆ రోజు నవ్విన నవ్వుకు నాకు కడుపునొప్పి పుట్టింది.

దసరా తర్వాత మొదలుపెట్టిన పని రెండు నెలలు బాగా సాగింది. రొట్టెలు దూదిలా వచ్చేవి. చాయ హోటళ్ల వాళ్లు బన్నుల కోసం ముందురోజే చెప్పి పోయేవాళ్లు. డబ్బాలో ఆ ఈస్టు గింజలు తగ్గినకొద్దీ హైదరాబాద్ పోయే వాళ్లతో చెప్పి తెప్పించుకునేవాడు. మా బిడ్డ బడి నుంచి నేరుగా బట్టీకి వచ్చి, నాయిన వీపు మీద ఎక్కి కూచునేది. నేను దేవుడికి ఇంకేం మొక్కాలో తెలియక ఊరికే దండం పెట్టేదాన్ని.

తర్వాత పుష్యమాసపు చలి దిగింది. మా వైపు చలి ఎలా ఉంటుందో దుబాయిలో ఎనిమిదేళ్లున్న మనిషి మరిచిపోయాడు. అక్కడ ఎండకు పిండి తొందరపడి పులిసిపోతుందని మంచు ముక్కలేసి కలిపేవాళ్లట. ఇక్కడ పొద్దున కలిపిన పిండి మధ్యాహ్నానికి కూడా ముడుచుకునే ఉండేది. "చలికి మనం దుప్పట్లకెల్లి లేవనట్టే అయి గూడ లేస్తలేవు. నీళ్లు వేడి చేసి, అందుల జర చక్కెర ఏసి, గింజలు నానవెట్టి ఇయ్యి. వేలు పెడితే గోరెచ్చగుండాలె, కాలొద్దు" అని నాకు చెప్పాడు. తాను పెరట్లో కట్టెలేసి బట్టీ కాక చేసేలోపు నేను ఆ నీళ్లు సిద్ధం చేసి గదిలో పెట్టాలి.

చెప్పింది చెప్పినట్టే చేశాను. వేలు పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంటేనే గింజలు వేశాను. అయినా ఆ వారం నుంచే మా పిండి పొంగడం మానేసింది.

పొంగని పిండిని బట్టీలో పెడితే ఏమొస్తుందో చెప్పాలంటే, మా బర్రెకు వేస్తే అది కూడా ఒకసారి నమిలి మా మొహాల వంక చూసింది. ఆయన మైదా మార్చాడు. ఉప్పు ఎక్కువైతే ఆ జీవాలు అణిగిపోతాయని ఉప్పు తగ్గించాడు. ఇంకా ఎక్కువసేపు పిసికాడు. బట్టీ ఇటుకలు సరిగా కాలలేదని మేస్త్రీని తిట్టాడు. నేను గింజలు రెట్టింపు వేశాను. అత్తమ్మ దిష్టి తగిలిందని గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. విచిత్రం ఏమిటంటే, నాలుగైదు రోజులకు ఒకసారి రొట్టె ఏ తప్పూ లేకుండా పొంగేది. అలాంటి రోజున అత్తమ్మ నిమ్మకాయల వైపు చూపించేది, ఆయన మైదా వైపు చూపించేవాడు. మర్నాడు మళ్లీ రాయి.

చాయ హోటళ్ల వాళ్లు మళ్లీ బస్సు టాపు రొట్టెలకు పోయారు. ఆయన మాటలు తగ్గిపోయాయి. అప్పుడే మోర్తాడ్‌లోని ఏజెంటు దగ్గర నుంచి కబురొచ్చింది. రొట్టెల బట్టీ పనికే వీసా వచ్చిందట, బేస్తారం, అంటే గురువారం, పగటేళ వచ్చి పాస్‌పోర్టు తీసుకుపోతానన్నాడట.

"బేస్తారం దాక సూస్త. గా రోజు గూడ పొంగకుంటే ఇచ్చేస్త" అన్నాడాయన, నా మొహం చూడకుండా.

మళ్లీ ఎనిమిదేళ్లు ఆయన మాట్లాడి పంపే క్యాసెట్లలోనే ఆ గొంతు వినాలి. వీపెక్కిన బిడ్డ మళ్లీ తలుపు వెనక్కి పోవాలి. నాకు ఆ మనిషి కావాలి, అంతే. దుప్పట్లూ సెంటు సీసాలూ అక్కర్లేదు.

బేస్తారం పొద్దున నేను ఎన్నడూ లేనంత భక్తిగా నీళ్లు పెట్టాను. స్టీలు గిన్నెలో నీళ్లు, చక్కెర. వేలు పెట్టాను. గోరువెచ్చగా, హాయిగా ఉంది. డబ్బా బోర్లించి అడుగున మిగిలిన గింజలన్నీ వేశాను. ఇక ఈడ్చితే గింజ లేదు. పళ్లెం మూసి కూచున్నాను.

ఆ సమయానికి రోజూ ఒక తాత సైకిల్ మీద వచ్చేవాడు. ఈత చెట్లు గీసే ముసలాయన. పొద్దున్నే దింపిన కల్లు కుండలు సైకిల్‌కు కట్టుకుని, మా దగ్గర ఆగి, నిన్నటి బన్ను ఒకటి చాయలో ముంచుకు తిని పోయేవాడు. మా రాళ్లను కూడా వంక పెట్టకుండా తిన్నవాడు ఆయనొక్కడే. ఉన్న రెండు పళ్లతో ఎలా తిన్నాడో దేవుడికే తెలియాలి.

నా మొహం చూసి, "ఏమైంది బిడ్డా?" అన్నాడు. ఏజెంటు సంగతి చెప్పాను. చెప్తూ పళ్లెం తీశాను. నీళ్ల మీద నురగ లేదు. గింజలు అడుగుకు దిగి బురదలా కూచున్నాయి. బుగ్గ తొడిగిన నాటి నురగ గుర్తొచ్చి, అప్పుడు మొదటిసారి నాకు అనుమానం వచ్చింది. నాలుగు వారాలుగా నేను పళ్లెం మూసి ఇవ్వడమే కానీ తెరిచి చూసింది లేదు. ఆయన బట్టీ కాక చేసి వచ్చి, ఆ చీకట్లో చూడకుండానే మైదాలో ఒంపేవాడు.

తాత గిన్నెలోకి వంగాడు. "గిది సచ్చింది బిడ్డా. నా కుండల చూడు" అని సైకిల్ దగ్గరికి తీసుకుపోయాడు. కుండ మూతి మీద తెల్లటి నురగ, లోపల చిటచిట చప్పుడు. "గీ గింజలల్ల ఉన్నదే నా కుండల గూడ ఉంటది. కల్లుల తీపి తిని బుస్సుమంటది. బతికున్నదైతే చప్పుడు చేస్తది."

"మరి గిది ఎందుకు సచ్చింది?"

తాత గిన్నె ఎత్తబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నేనే వట్టి చేత్తో గిన్నె ఎత్తి, రెండు చుక్కలు ఆయన మణికట్టు మీద వంచాను. ముసలాయన అబ్బా అని చెయ్యి విదిలించాడు. "గింత ఉడుకు నీళ్లల్ల ఏది బతుకుతది?"

"గోరెచ్చగనే ఉన్నయి గద తాతా" అని మళ్లీ వేలు పెట్టి చూపించాను. నాకు గోరువెచ్చగానే ఉంది.

తాత నీళ్ల వంక చూడలేదు. నా వేళ్ల వంక చూశాడు. "పసుపు ఉడకవెట్టిన చేతులు బిడ్డా గివి. గిటికేం తెలుస్తది" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రతి మాఘం మా నాయిన పొలంలో, తర్వాత అత్తగారి పొలంలో పసుపు ఉడకబెట్టాను. కడాయిలో కుతకుతలాడే కొమ్ములను తీసి, ఆవిరి పోకముందే చేతులతో నేల మీద నెరపాలి. మొదటి ఏడు బొబ్బలెక్కుతాయి. మూడో ఏటికి చర్మం తోలవుతుంది, తర్వాత వేడి తెలియదు. అది మా వైపు ఆడవాళ్లకు గొప్ప. ఉడుకు గంజి గిన్నెను కూడా వట్టి చేత్తో దింపుతామని చెప్పుకుంటాం. మా ఆయన "వేలు పెట్టి చూడు" అన్నాడు కానీ ఎవరి వేలో ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ పొడిచింది. పసుపు ఎందుకు ఉడకబెడతామో నాకు తెలియక కాదు. పచ్చికొమ్మును ఊరికే ఉంచితే మళ్లీ మొలకెత్తుతుంది. ఉడికిస్తే లోపలి ప్రాణం పోతుంది, ఇక మొలక రాదు, సమంగా ఎండుతుంది. ఆ పనే నేను నాలుగు వారాలుగా ఈ గింజలకు చేస్తున్నాను. రొట్టె పొంగిన రోజులు ఏవో కూడా అప్పుడు తట్టింది. నీళ్లు దించాక, గింజలు వెయ్యకముందు, బర్రె తంతోందని అత్తమ్మ నన్ను పిలిచిన రోజులు అవి. నేను పాలు పిండి వచ్చేలోపు నీళ్లు చల్లారేవి. మా మైదాకూ నిమ్మకాయలకూ కాదు, దండం పెడితే ఆ బర్రెకు పెట్టాలి.

చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ చెప్పకపోతే ఆయన పోతాడు. గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయాను. బట్టీ ముందు గొంతుక్కూచుని నిప్పు చూస్తున్నాడు.

"తప్పు మైదాది కాదు, బట్టీది కాదు. నాది. నా చేతులది" అన్నాను.

అంతా విన్నాడు. గిన్నెలో వేలు ముంచి, చటుక్కున తీశాడు. నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా అరచేతులను ఆయన అంతసేపు చూడలేదు. కోపం ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని నేను ఎదురుచూశాను. "డబ్బల ఎన్ని ఉన్నయి?" అన్నాడు.

"ఒక్క గింజ గూడ లేదు."

హైదరాబాద్ పోయి వచ్చేసరికి ఏజెంటు రావడం, పోవడం కూడా అయిపోతుంది. చేజేతులా చేసుకున్నాను అనుకుని గోడకు ఒరిగి నిలబడ్డాను. వెనక నుంచి తాత దగ్గాడు. "నా కుండ అడుగున మడ్డి ఉన్నది. దుకాణంల అమ్మే మందు కలిపిన కల్లు కాదు, చెట్టు మీదికెల్లి దింపిన కల్లు. పనికొస్తదా?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. దుబాయిలో ఆయనకు పని నేర్పిన కేరళ ముసలి మేస్త్రీ, తమ ఊళ్లో అప్పాల పిండిని కల్లుతోనే పులియబెడతారని చెప్పేవాడట. "పనికొస్తది తాతా. మడ్డిలనే ఎక్కువుంటయి" అన్నాడు.

పైకల్లు వంచేసి, అడుగున చిక్కగా మిగిలిన మడ్డిని గిన్నెలోకి తీశాం. నీళ్ల వేడి ఈసారి మా ఆయనే తన మణికట్టు మీద చూసి, ఊదుకుని, మళ్లీ చూసి కలిపాడు. ముందు మూడోవంతు మైదా మాత్రమే వేసి, జారుగా కలిపి, బట్టీ గోడ పక్కన కాక తగిలేచోట పెట్టాడు. దుబాయి నుంచి తెచ్చిన దుప్పటి దానికి కప్పాడు. ఉప్పు తర్వాత వేద్దామన్నాడు, వాటిని ముందు తేరుకోనిద్దామని.

ఆ గంటసేపు నేను ఎలా ఉన్నానో నాకే తెలియదు. రెండుసార్లు దుప్పటి ఎత్తబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మూడోసారి ఆయనే ఎత్తాడు. పిండి మీద ఆవగింజంత బుడగ ఒకటి లేచి పగిలింది. దాని పక్కన ఇంకొకటి. అలా చూస్తుండగా పిండంతా జల్లెడలా చిల్లులు పడింది, కల్లు దుకాణం వాసన గుప్పుమంది.

మిగతా మైదా, ఉప్పు, కాస్త నూనె వేసి పిసికాడు. చిన్న ముద్ద తీసి వేళ్లతో సాగదీస్తే చిరగకుండా, అవతలి వెలుగు కనిపించేంత పల్చగా వచ్చింది. అప్పుడు మళ్లీ దుప్పటి కప్పాడు. మధ్యాహ్నం అన్నాలు తినేవేళకు పిండి రెండింతలై గిన్నె అంచు మీదికి వచ్చింది. ఆయన దాన్ని అణిచి, లోపలి గాలి తీసి, రొట్టెలుగా చేసి రేకుల్లో పెట్టాడు. అవి మళ్లీ లేచేదాకా ఆగాలి. వేలితో నొక్కితే గుంట మెల్లగా నిండుకోవాలి, అప్పుడు బట్టీలోకి.

అన్నం గిన్నెతో వచ్చిన అత్తమ్మ సంగతి విని నెత్తి కొట్టుకుంది. "కల్లు రొట్టెలా? దవాఖానల రోగులకు నిషా ఎక్కిస్తవా?"

"ఎక్కదవ్వా. డబ్బల గింజలేసినా గదే అయితది. తీపి తిని గాలితోని పాటు జర నిషా గూడ ఇడుస్తయి. బట్టీల పెడితే నిషా ఆవిరై పోతది, గాలి ఉబ్బుతది, రొట్టె గట్టిపడతది. గా కాకకు జీవాలు గూడ పోతయి."

"పాపం గద" అంది అత్తమ్మ.

"అప్పటికి వాటి పని అయిపోతది" అన్నాడు.

రేకులు బట్టీలో పెట్టి తలుపు మూసేసరికి ఏజెంటు స్కూటర్ ఆగింది. తెల్ల చొక్కా, చంకలో రెక్సిన్ సంచి. నేను కుర్చీ వేశాను, నీళ్లిచ్చాను. కొన్ని ఏజెంటు చొక్కా మీద ఒలికాయి. నాకేమీ బాధ కలగలేదు. ఏజెంటు పాస్‌పోర్టు అడిగాడు. మా ఆయన "జర ఆగు" అన్నాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ "జర ఆగు" అన్నాడు. నాకు బట్టీ తలుపు తప్ప ఏమీ కనిపించలేదు.

వాసన ముందు వచ్చింది. కల్లు వాసన కాదు, వేయించినట్టుండే కమ్మటి వాసన. ఆయన తలుపు తీసి పొడుగు కర్రతో మొదటి రేకు లాగాడు. రొట్టె రేకు అంచు దాటి, పైన గుండ్రంగా, బెల్లం రంగులో లేచి ఉంది. బోర్లించి అడుగున వేలితో తట్టాడు, డొల్లగా మోగింది. విరిచి సగం ఏజెంటుకు, సగం అత్తమ్మకు ఇచ్చాడు. లోపల చిన్నా పెద్దా చిల్లులు, దూదిలా. అత్తమ్మ నమిలి, "జర పుల్లగున్నది" అని, ఇంకో ముక్క తుంచుకుంది.

ఏజెంటు తింటూనే, "మరి పాస్‌పోర్టు?" అన్నాడు.

"పెట్టెలున్నది. గాడనే ఉండనియ్యి" అన్నాడు మా ఆయన. "ఇంకెవల్నన్న చూసుకో అన్నా."

ఏజెంటు ఇంకో రొట్టె కాగితంలో చుట్టించుకుని పోయాడు. స్కూటర్ చప్పుడు రోడ్డు మీద కలిసిపోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. పోయిన ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య అని నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అత్తమ్మ నన్ను చూసి చూడనట్టు రొట్టె తిన్నది.

ఆయన వచ్చి నా పక్కన కూచున్నాడు. ఇప్పుడైనా తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండనిపించింది.

"నెల దినాలసంది రోజు పొద్దుగాల్నే లేసి, గిన్నెడు ఉడుకు నీళ్లతోని నన్ను దుబాయి తోలుతున్నవు గదనే" అన్నాడు.

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. "రేపటిసంది నీళ్లు మీరే సూసుకోర్రి" అన్నాను.

"కాదు. నువ్వే పెట్టు" అని తన మణికట్టు నా ముందుకు చాపాడు. "నీళ్లు గీడ పోసి సూడు. రోజు గీడనే ఉంట."